మందు, సిగరెట్, గంజాయి: ఒకే తల్లి, మూడు వేర్వేరు లెక్కలు (కేస్ స్టడీ)

నేను హై రిస్క్ ప్రెగ్నెన్సీలు చూసే గైనకాలజిస్ట్‌ని. ఈ కేస్ రాయడానికి ఆమె ఒప్పుకుంది, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను. మందు, సిగరెట్, గంజాయి మూడూ ఒకే తల్లిలో, ప్రెగ్నెన్సీ మొదట్నుంచి పాలిచ్చే రోజుల దాకా ఫాలో చేసిన కేస్ ఇది. ఈ మూడింటినీ డాక్టర్లం చాలాసార్లు ఒకే గాటన కట్టేసి "అన్నీ మానెయ్యమ్మా" అని ఒక్క మాట చెప్పి పంపించేస్తాం, కానీ ఇవి ఒంట్లోంచి పోయే టైం వేరు, బిడ్డకి చేసే నష్టం వేరు, మాన్పించే పద్ధతీ వేరు. ఆ తేడా తెలీకపోతే తల్లికి తప్పు సలహా వెళ్తుంది.

మొదటి విజిట్, 9వ వారం

వయసు 27, మొదటి ప్రెగ్నెన్సీ. 6వ వారంలో టెస్ట్ పాజిటివ్ వచ్చిందట, ఆ రోజు నుంచి మందు ముట్టలేదు. కానీ అంతకుముందు 4వ వారంలో ఒకసారి, 5వ వారంలో ఒకసారి ఫ్రెండ్‌తో కూర్చుని తాగింది, కుర్చీలో కూర్చోగానే ఆ రెండు సాయంత్రాల గురించి ఏడవడం మొదలుపెట్టింది. "మేడమ్, తీయించేసుకోవాలా వద్దా, ముందు అదొక్కటి చెప్పండి" అంది.

ఎంత తాగారు అంటే "రెండు గ్లాసులే" అంది. గ్లాసుల లెక్క నేను తీసుకోను, ఆమె అబద్ధం చెప్తోందని కాదు, ఇంట్లో పోసుకునే గ్లాసుకి కొలత ఉండదు కాబట్టి. బాటిల్ ఎంతది, ఎంతమంది తాగారు, చివర్లో ఎంత మిగిలింది అని అడుగుతా. 750 మి.లీ. వైన్, లేబుల్ మీద 12 శాతం, ఇద్దరు కలిసి ఖాళీ చేశారు, అందులో మూడింట రెండొంతులు ఈమే తాగింది, పైన ఒక చిన్న బీర్ కూడా. ఇప్పుడు లెక్క వెయ్యండి. 750లో 12 శాతం అంటే 90 మి.లీ. ఆల్కహాల్, మి.లీ.కి 0.79 గ్రాముల చొప్పున బాటిల్ మొత్తంలో 71 గ్రాములు, ఆమె వాటా 47, బీర్ 330 మి.లీ. 5 శాతం కాబట్టి ఇంకో 13. మొత్తం 60 గ్రాములు. అమెరికా లెక్కలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాములు, అంటే నాలుగు డ్రింకులు దాటాయి, ఆడవాళ్ళకి ఒకే కూర్చోడంలో నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే దాన్ని బింజ్ అంటారు. "రెండు గ్లాసులు" కాస్తా బింజ్ అయింది.

ఇక్కడ ఆమెకి ఏం చెప్పాలన్నది ఈ కేస్‌లో నాకు అన్నిటికంటే కష్టమైన భాగం. ఆల్కహాల్‌కి ప్లాసెంటా అడ్డం కాదు, కాసేపట్లోనే బిడ్డ రక్తంలో కూడా తల్లి రక్తంలో ఉన్నంత స్థాయికి చేరుతుంది, బిడ్డ లివర్ దాన్ని కరిగించే స్థితిలో ఉండదు. పైగా బిడ్డ దాన్ని మూత్రంగా ఉమ్మనీటిలోకి వదిలి, అదే ఉమ్మనీటిని మళ్ళీ మింగుతుంది, అందువల్ల తల్లికి మత్తు దిగినా బిడ్డ దగ్గర అది ఇంకా తిరుగుతూనే ఉంటుంది. 1968లో ఫ్రాన్స్‌లో లెమ్వాన్, 1973లో సియాటిల్‌లో జోన్స్, స్మిత్ రాసిన పేపర్లతో ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అనేది లోకానికి తెలిసింది. చిన్న కంటి చీలిక, పల్చటి పై పెదవి, ముక్కుకీ పెదవికీ మధ్య ఉండాల్సిన గాడి చదునుగా ఉండటం, ఈ మూడూ దానికి ముఖంలో కనిపించే గుర్తులు. ఎలుకల మీద చేసిన పనిలో ఈ ముఖ మార్పులు మనుషుల్లో గర్భం నిలిచిన మూడో వారానికి సరిపోయే రోజుల్లో ఇచ్చిన ఆల్కహాల్ వల్లే వచ్చాయి. మనం వారాలు లెక్కపెట్టేది ఆఖరి పీరియడ్ నుంచి కాబట్టి ఆమె 5వ వారం అంటే సరిగ్గా ఆ మూడో వారం.

"మొదట్లో తాగితే ఏం కాదులే, అప్పటికి బిడ్డే ఏర్పడదు" అని చెప్పి ఆమెని ఓదార్చొచ్చు, కానీ అది నిజం కాదు, నేను చెప్పలేదు. అలాగని భయపెట్టడం కూడా సరికాదు. పూర్తి సిండ్రోమ్ ఎక్కువగా కనిపించేది పదే పదే ఎక్కువ మోతాదులో తాగినవాళ్ళ పిల్లల్లో. రెండు సాయంత్రాల రిస్క్ సున్నా అని ఎవరూ అనలేరు, దానికో నంబర్ కూడా ఇవ్వలేం, స్కాన్‌లో గానీ రక్తపరీక్షలో గానీ తేలేది కాదు, కానీ ఇలా ప్రెగ్నెన్సీ తెలియక ముందు తాగి తర్వాత ఆపేసిన ఎక్కువమంది తల్లులకి పిల్లలు బాగానే పుడుతున్నారు, కేవలం దీని కోసం ప్రెగ్నెన్సీ తీయించుకోవాల్సిన అవసరం లేదు అని చెప్పా. ముఖం ఏర్పడేది కొన్ని రోజుల్లోనే, మెదడు మాత్రం తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి 6వ వారంలో ఆపేయడం వల్ల కాపాడుకున్నది చాలా ఎక్కువ. ఇంత వరకు సేఫ్ అని ఎవరూ తేల్చిన మోతాదు లేదు, అందుకే సలహా సున్నా అనే.

ఇంకోటి కూడా అడిగి రాసుకున్నా, రోజూ తాగే అలవాటు ఉందా అని. ఈమెకి లేదు. ఉండి ఉంటే "ఇవ్వాళే ఆపెయ్" అనడం ప్రమాదం, రోజూ బాగా తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావొచ్చు, అలాంటివాళ్ళని అడ్మిట్ చేసి మందులిచ్చి దింపాలి.

సిగరెట్ సగానికి తగ్గింది, మీటర్ మాత్రం తగ్గలేదు

ముందు రోజుకి 12 సిగరెట్లు, ప్రెగ్నెన్సీ తెలిశాక 6. గంజాయి, ఇంకేదైనా వాడతారా అని పేరు పెట్టి అడిగితే లేదంది. మీటర్‌లోకి ఊదించి, పొగ వల్ల ఊపిరిలోకి చేరే కార్బన్ మోనాక్సైడ్ చూస్తే 13 పీపీఎమ్ ఉంది. బ్రిటన్‌లో గర్భిణులకి 4 పీపీఎమ్ వచ్చినా పొగ తగులుతున్నట్టే లెక్క. సిగరెట్లు సగం అయితే ఈ నంబర్ కూడా సగం అవ్వాలి కదా అనిపిస్తుంది, కానీ తక్కువ సిగరెట్లు తాగేటప్పుడు మనిషి తెలీకుండానే ఒక్కో దమ్ము లోతుగా లాగుతాడు, ఎక్కువసేపు లోపల పట్టుకుంటాడు, చివరి దాకా కాలుస్తాడు. నికోటిన్ కావాల్సినంత దొరికే దాకా ఒళ్ళు ఊరుకోదు. అందుకే "తగ్గించాను" అన్న మాటతో పాటు మీటర్ కూడా చూడాలి.

కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌కి అతుక్కుని ఆక్సిజన్ కూర్చునే చోటు లాగేసుకుంటుంది, బిడ్డ రక్తంలో ఇది తల్లి రక్తంలో కంటే 10 నుంచి 15 శాతం ఎక్కువ పేరుకుంటుంది. సిగరెట్ తాగే తల్లుల పిల్లలు సగటున 150 నుంచి 250 గ్రాములు తక్కువ బరువుతో పుడతారు, నెలలు నిండకుండా కాన్పు, ప్లాసెంటా ముందే విడిపోవడం, పుట్టాక నిద్రలో హఠాత్తుగా చనిపోవడం, వీటి రిస్కులు పెరుగుతాయి. ఈమెకి నేను ఎక్కువ చెప్పింది మాత్రం వేరే విషయం. 15వ వారం లోపు పూర్తిగా మానేసిన వాళ్ళలో ముందస్తు కాన్పులూ, బరువు తక్కువ పిల్లలూ అసలు తాగనివాళ్ళతో సమానంగానే ఉన్నాయని 2009లో వచ్చిన స్కోప్ స్టడీ చూపించింది. 9వ వారంలో ఉన్న మనిషికి ఇది చేతిలో ఉన్న అవకాశం.

16 గంటల ప్యాచ్, 15 మి.గ్రా.ది మొదలుపెట్టాం, పొద్దున అంటించుకుని రాత్రి పడుకునే ముందు తీసెయ్యాలి. నికోటిన్ కూడా బిడ్డకి మంచిదేం కాదు, జంతువుల్లో ఊపిరితిత్తుల మీద, మెదడు మీద ప్రభావం కనిపించింది, కానీ ప్యాచ్‌లో కార్బన్ మోనాక్సైడ్ లేదు, పొగలో ఉండే మిగతా విషాలూ లేవు. సొంతంగా మానలేనివాళ్ళకి ఈ బేరం లాభమే అని నా అభిప్రాయం.

రెండు వారాల తర్వాత వచ్చి "ప్యాచ్ పని చెయ్యట్లేదు మేడమ్, మధ్యాహ్నానికే పిచ్చెక్కిపోతోంది, నాకే మనోబలం లేదేమో" అంది. ఈ మాట చాలామంది గర్భిణుల నోట విన్నాను, అది మనోబలం సంగతి కాదు. ప్రెగ్నెన్సీలో లివర్ నికోటిన్‌ని చాలా వేగంగా కరిగించేస్తుంది, 2002లో అదే ఆడవాళ్ళని ప్రెగ్నెన్సీలోనూ కాన్పు తర్వాతా కొలిస్తే ప్రెగ్నెన్సీలో నికోటిన్ 60 శాతం వేగంగా ఒంట్లోంచి పోతోంది. మామూలు మనిషికి సరిపోయే ప్యాచ్ ఈమెకి మధ్యాహ్నానికల్లా చాలట్లేదు. ఇంగ్లాండ్‌లో వెయ్యి మందికి పైగా గర్భిణుల మీద ఇదే 15 మి.గ్రా. ప్యాచ్‌తో చేసిన ట్రయల్ 2012లో వచ్చింది, కాన్పు నాటికి మానేసిన వాళ్ళ సంఖ్యలో ఉత్తుత్తి ప్యాచ్‌కీ అసలు ప్యాచ్‌కీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, అయితే అందులో ఎక్కువమంది మొదటి నెల దాటి ప్యాచ్ వాడనే లేదు. మోతాదు చాలక, క్రేవింగ్ తగ్గక, ఇది దండగ అనుకుని పీకేస్తారు. ఈమెకి ప్యాచ్ అలాగే ఉంచి, పైన 2 మి.గ్రా. చప్పరించే బిళ్ళలు కలిపాం, క్రేవింగ్ వచ్చాక కాదు, వచ్చే టైం తెలుసు కాబట్టి దానికి కాస్త ముందే వేసుకోమన్నాం. 14వ వారానికి సిగరెట్లు సున్నా.

కానీ ఆ రోజు మీటర్ 9 చూపించింది.

పొగ ఆపేశాక కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లో దిగిపోవాలి, ప్యాచ్ వల్ల ఈ నంబర్ పెరగదు. ఇంట్లో ఎవరైనా తాగుతారా, గ్యాస్ హీటర్ ఏమైనా సరిగ్గా మండట్లేదా, పాలు తాగితే అరగవా అని వరసగా అడిగాను, పాలు అరగనివాళ్ళ ఊపిరిలో హైడ్రోజన్ ఎక్కువై కొన్ని మీటర్లు తప్పుగా ఎక్కువ చూపిస్తాయి. ఏదీ సరిపోలేదు. అప్పుడు మీటర్ ఆమె వైపు తిప్పి, "ఇది సిగరెట్ ఒక్కదాన్నే పట్టదమ్మా, కాలే ఆకు ఏదైనా ఇలాగే చూపిస్తుంది. మీరేం చెప్పినా ఈ ఫైల్ ఎవరెవరు చూస్తారో ముందు నేను మీకు చెప్తా, ఆ తర్వాతే చెప్పండి" అన్నాను. చట్టాలు చోటుని బట్టి మారతాయి, కొన్నిచోట్ల తల్లి చెప్పిన మాట పిల్లల సంరక్షణ శాఖ దాకా వెళ్తుంది, ఆ భయం ఉన్నంతసేపు ఎవరూ నోరు విప్పరు. ఫైల్ సంగతి మొత్తం విన్నాక కాసేపు ఆగి చెప్పింది. రోజుకి రెండు జాయింట్లు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, సగం గంజాయి సగం పొగాకు కలిపి. నాలుగేళ్ళుగా దాదాపు రోజూ. "ఇప్పుడు మాత్రం వాంతుల కోసమే మేడమ్, అది లాగితేనే కాస్త తినగలుగుతున్నా."

సిగరెట్లు సున్నా అని ఆమె చెప్పింది నిజమే, కానీ పొగాకు సున్నా కాలేదు, జాయింట్‌లోంచి రోజూ లోపలికి వెళ్తూనే ఉంది. అందుకే "సిగరెట్ తాగుతారా" అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు, "దేంతో కలిపి చుడతారు" అని కూడా అడగాలి.

తగ్గని వాంతులు

గంజాయి మానడం గురించి మాట్లాడాం గానీ అప్పటికి ఆమె సిద్ధంగా లేదు, వాంతులు భరించలేనంది. 18వ వారంలో అడ్మిట్ చెయ్యాల్సి వచ్చింది. 58 కిలోల మనిషి 54కి వచ్చింది, అంటే 7 శాతం బరువు పోయింది. వాంతి మందులు డాక్సిలమిన్ పైరిడాక్సిన్, తర్వాత ఆండాన్‌సెట్రాన్, రెండూ ఫుల్ డోస్‌లో వాడినా ఫలితం లేదు. సెలైన్‌తో పాటు పొటాషియం ఇచ్చాం, గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ అనే బి1 విటమిన్ ఇచ్చాం, వారాల తరబడి వాంతులైన మనిషికి థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు, ఇది మర్చిపోకూడదు.

వార్డ్‌లో నర్స్ ఒక విషయం గమనించి చెప్పింది. ఈమె రోజుకి మూడు నాలుగు సార్లు వేడినీళ్ళ షవర్ కింద అరగంట నిలబడుతోంది, షవర్ కింద ఉన్నంతసేపు వాంతి రాదు, బయటికొచ్చాక మళ్ళీ మొదలు. ఏళ్ళ తరబడి వాడకం, మామూలు వాంతి మందులకి లొంగకపోవడం, వేడినీళ్ళకి తగ్గడం, ఈ మూడూ కలిస్తే గంజాయి వల్లే వచ్చే వాంతుల జబ్బు గుర్తుకు రావాలి, కెనబినాయిడ్ హైపరెమెసిస్ అంటారు, 2004లో సౌత్ ఆస్ట్రేలియా డాక్టర్లు మొదట వివరంగా రాశారు. గంజాయిలోని టీహెచ్‌సీ తక్కువగా, అప్పుడప్పుడూ వాడితే వాంతి తగ్గిస్తుంది, ఏళ్ళ తరబడి రోజూ వాడితే కొందరిలో సరిగ్గా తిరగబడుతుంది. లాగగానే కాస్త నయంగా అనిపిస్తుంది కాబట్టి వాంతులకి మందు అదే అనుకుంటారు, కారణం కూడా అదే అని తట్టదు. వేవిళ్ళకి గంజాయి మంచిదనే మాట ఆమె ఒక్కదానిదే కాదు, 2018లో కొలరాడోలో గర్భిణినంటూ 400 గంజాయి షాపులకి ఫోన్ చేసి వాంతులకి ఏం వాడాలి అని అడిగితే దాదాపు 70 శాతం షాపుల వాళ్ళు గంజాయే సలహా ఇచ్చారు.

ఈ జబ్బుకి గట్టి వైద్యం ఒకటే, పూర్తిగా మానడం. మానిన మొదటి వారంలో విత్‌డ్రాయల్ వల్ల చిరాకు, నిద్ర పట్టకపోవడం, వికారం ఇంకా పెరుగుతాయని, రెండు మూడు వారాలు పట్టొచ్చని ముందే చెప్పాం. చెప్పకపోతే మూడో రోజు "చూశారా, మానేస్తే ఎక్కువైంది" అని మళ్ళీ అందుకుంటారు. ఇంకో చిన్న విషయం, జాయింట్ ఆపితే దాంట్లో వెళ్తున్న పొగాకు కూడా ఆగుతుంది, నికోటిన్ ఒక్కసారిగా తగ్గిపోతుంది, కాబట్టి అదే రోజు చప్పరించే బిళ్ళలు పెంచాం. రెండూ ఒకేసారి పీకేసినట్టు అయితే గంజాయి మానడం వల్ల వచ్చే చిరాకా, నికోటిన్ తగ్గినందుకా అనేది తేల్చలేం.

19వ వారంలో మానింది. మూడో వారం నాటికి వాంతులు ఆగాయి, 22వ వారంలో మీటర్ 2 చూపించింది. మామూలు వేవిళ్ళు కూడా చాలామందికి 20వ వారం దగ్గర వాటంతటవే తగ్గుతాయి, కాబట్టి ఇది నూటికి నూరుపాళ్ళు గంజాయి వాంతులే అని నేను ఫైల్‌లో రాయలేదు, "బలమైన అనుమానం" అని రాశాను. ఈ డయాగ్నోసిస్ ఎప్పుడైనా మానేసి, చాలా కాలం చూశాకే తేలేది.

బిడ్డ సంగతేంటని అడిగింది. 2019లో కెనడాలోని ఆంటారియోలో ఆరు లక్షలకి పైగా కాన్పులు చూసిన స్టడీ ఉంది. సిగరెట్, మందు, ఆర్థిక స్థితి లాంటివి సరిపోల్చి లెక్క కట్టాక కూడా గంజాయి వాడినవాళ్ళలో నెలలు నిండని కాన్పులు 10.2 శాతం, వాడనివాళ్ళలో 7.2 శాతం. బరువు తక్కువగా పుట్టడం కూడా ఎక్కువే. ఆటిజం విషయంలో మాత్రం స్టడీలు ఒకదానికొకటి పడట్లేదు, ఆంటారియో వాళ్ళు 2020లో సంబంధం కనిపించిందన్నారు, 2024లో కాలిఫోర్నియాలో లక్షమందికి పైగా పిల్లల్ని చూసినవాళ్ళు కనిపించలేదన్నారు. ఈ రెండోదాన్ని చెప్పకుండా మొదటిది ఒక్కటే చెప్పి తల్లిని బెదిరించడం నాకు నచ్చదు. బరువు, నెలలు నిండకపోవడం, ఈ రెండు కారణాలే మానమని చెప్పడానికి చాలు.

28, 32, 36 వారాల్లో గ్రోత్ స్కాన్లు చేశాం, బిడ్డ కాస్త చిన్నగా ఉన్నా గ్రోత్ చార్ట్‌లో తన లైన్ మీదే పెరిగింది. 38వ వారంలో నార్మల్ డెలివరీ, పాప, 2.75 కిలోలు.

పాలిచ్చే రోజులు

పాపకి అయిదు వారాలప్పుడు మళ్ళీ వచ్చింది. నిద్రలేక అల్లాడిపోతోంది, గత వారంలో నాలుగు రాత్రులు జాయింట్ లాగింది, సిగరెట్లు కూడా రెండు మూడు మొదలయ్యాయి, ఆ వారాంతంలో ఒక పార్టీ ఉంది, అక్కడ ఒక గ్లాస్ వైన్ తాగొచ్చా అని అడుగుతోంది. ప్రెగ్నెన్సీలో మానేసినవాళ్ళలో ఎంతోమంది కాన్పయ్యాక మళ్ళీ సిగరెట్ మొదలుపెడతారు, ఇది అరుదైన సంగతేం కాదు. "మూడింటికీ పాలు పిండి పారేస్తే సరిపోతుంది కదా మేడమ్" అంది.

నిజానికి మూడింట్లో ఒక్కదానికి కూడా ఆ పద్ధతి పనికిరాదు, ఒక్కోదానికి ఒక్కో కారణం.

ఆల్కహాల్ పాలల్లో రక్తంతో పాటే ఎక్కుతుంది, రక్తంతో పాటే దిగుతుంది. తాగిన అరగంట గంటలో పైకెళ్ళి, ఒక స్టాండర్డ్ డ్రింక్‌కి సుమారు రెండు నుంచి రెండున్నర గంటల్లో పోతుంది, రెండు డ్రింకులైతే నాలుగైదు గంటలు. పిండి పారేసినా రక్తంలో ఉన్నంతసేపు కొత్తగా వచ్చే పాలల్లోకి అది మళ్ళీ వస్తూనే ఉంటుంది, పోవాల్సింది టైంతోనే. రొమ్ములు బరువెక్కి నొప్పిగా ఉంటే పిండుకోవచ్చు, అంతకుమించి దానివల్ల ఉపయోగం లేదు. కాబట్టి ఆమెకి చెప్పింది ఏంటంటే, తాగకపోతే అన్నిటికంటే మంచిది, తాగేట్టయితే కొలిచి ఒక్కటే, పాప తాగేశాక, తర్వాతి ఫీడ్‌కి రెండున్నర గంటలు ఉండేలా చూసుకుని, ముందే పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు ఉంటే ఇంకా నయం. మందు తాగితే పాలు బాగా పడతాయనే నమ్మకం ఒకటి ఉంది, జూలీ మెన్నెల్లా టీమ్ 1990లలో కొలిచి చూస్తే తల్లి తాగిన తర్వాతి కొన్ని గంటల్లో పిల్లలు తాగిన పాలు తగ్గాయి, పాలు దిగడానికి కావాల్సిన ఆక్సిటోసిన్‌ని ఆల్కహాల్ అడ్డుకుంటుంది. ఆ రాత్రి పాపతో ఒకే మంచం మీద పడుకోవద్దని రెండుసార్లు చెప్పాను, మందు తాగిన లేదా సిగరెట్ అలవాటున్న తల్లి పక్కన పడుకోబెడితే నిద్రలో మరణం రిస్క్ బాగా పెరుగుతుంది, పాలల్లో వచ్చే కాస్త ఆల్కహాల్ కంటే నాకు ఆ భయమే ఎక్కువ.

నికోటిన్ పాలల్లో రక్తంలో కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ ఉంటుంది, కానీ గంటన్నరకి సగం చొప్పున దిగిపోతుంది. 2007లో చేసిన ఒక ప్రయోగంలో తల్లి సిగరెట్ తాగిన తర్వాత పాలు తాగిన పిల్లలు ఆ తర్వాతి మూడున్నర గంటల్లో 53 నిమిషాలు నిద్రపోతే, తాగని రోజు 84 నిమిషాలు పడుకున్నారు. నిద్రలేక సిగరెట్ ముట్టించిన తల్లికి ఈ ఒక్క నంబర్ బాగా ఎక్కింది, పాప లేస్తోంది అని తను తాగుతోంది, తను తాగడం వల్ల పాప ఇంకా లేస్తోంది. కానీ సిగరెట్ తాగుతున్నారని పాలివ్వడం ఆపమని ఎప్పుడూ చెప్పకూడదు, తల్లిపాలు నిద్రలో మరణం రిస్క్‌ని తగ్గిస్తాయి, పొగ తగిలే బిడ్డకి అది ఇంకా అవసరం. మళ్ళీ ప్యాచ్ ఇచ్చాం, అది పాలిస్తూ వాడొచ్చు, 21 మి.గ్రా. నుంచి 7 మి.గ్రా.కి దిగేసరికి పాల ద్వారా వెళ్ళే నికోటిన్ దాదాపు 70 శాతం తగ్గినట్టు 2003లోనే కొలిచారు. ఆగలేక తాగితే పాలిచ్చాక, ఇంటి బయట, పై బట్ట మార్చుకుని, చేతులు కడుక్కుని లోపలికి రమ్మన్నాం.

గంజాయికి ఈ గంటల లెక్క అసలు కుదరదు. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది, ఒంట్లో కొవ్వులో దాక్కుంటుంది, పాలల్లోనూ కొవ్వే కాబట్టి అక్కడ రక్తంలో కంటే చాలా రెట్లు ఎక్కువ చేరుతుంది. 2021లో కొలరాడోలో, కాన్పు దాకా గంజాయి వాడి ఆ తర్వాత మానేసిన తల్లుల పాలు వారం వారం పరీక్షిస్తే ఆరు వారాలకి కూడా టీహెచ్‌సీ కనిపిస్తూనే ఉంది, సగానికి తగ్గడానికి సగటున 17 రోజులు పట్టింది. అంటే ఇవ్వాళ మానితే 17 రోజులకి సగం, 34కి పావు, 51కి అరపావు. ఇన్ని రోజులు పిండి పారేస్తే పాలే ఆగిపోతాయి. మరి ఎంత వెళ్తుంది అంటే, 2018లో ఎనిమిది మంది తల్లుల మీద చేసిన స్టడీలో కిలో బరువుకి ఎంత అని చూస్తే తల్లి పీల్చిన మోతాదులో సగటున 2.5 శాతం బిడ్డకి వెళ్తుందని లెక్క వేశారు. దాని ఫలితం ఏంటన్నది చూసినవి పాత చిన్న స్టడీలు, 1985లో ఒకటి తేడా లేదంది, 1990లో ఇంకోటి మొదటి నెలలో పాల ద్వారా తగిలిన పిల్లల్లో ఏడాదికి కదలికల స్కోర్ కాస్త తక్కువ ఉందంది, అయితే వాళ్ళలో చాలామంది తల్లులు ప్రెగ్నెన్సీలో కూడా వాడారు కాబట్టి రెండింటినీ విడదీయలేకపోయారు.

అందుకని ఆమెకి పాలు ఆపమని నేను చెప్పలేదు, గంజాయి ఆపమన్నాను. నాలుగు రాత్రులు వాడిన మనిషికి పాపని పూర్తిగా డబ్బాపాలకి మార్చడం వల్ల వచ్చే నష్టం ఖాయం, పాలల్లో వెళ్ళే ఆ కొద్ది టీహెచ్‌సీ వల్ల వచ్చే నష్టం ఇంకా తేలనిది. రోజుకి అయిదారు సార్లు వాడుతూ మానలేనన్న తల్లి అయితే ఇదే సలహా ఇవ్వను, అక్కడ తల్లితో కూర్చుని పాల సంగతి వేరేగా మాట్లాడాలి. ఇక్కడ అసలు సమస్య నిద్ర, రాత్రి పదకొండు నుంచి మూడు దాకా పాపని భర్త చూసుకునేలా, ఒక ఫీడ్ పిండిన పాలతో ఇచ్చేలా ఏర్పాటు చేశాం, డిప్రెషన్ స్కోర్ చేస్తే బోర్డర్‌లో ఉంది, కౌన్సెలింగ్‌కి పంపాం. భర్త కూడా జాయింట్ లాగేవాడే, అతన్ని కూడా కూర్చోబెట్టి ఇంట్లో ఆ పొగ ఉండకూడదని చెప్పాను. మూడు వారాల తర్వాత మీటర్ 2, గంజాయి లేదు, సిగరెట్ ఒకసారి జారింది. యూరిన్ టెస్ట్ చేద్దామా అని జూనియర్ అడిగింది. రోజూ వాడే అలవాటున్న మనిషికి మానేసిన వారాల తర్వాత కూడా యూరిన్ పాజిటివ్ రావొచ్చు, ఆ రిజల్ట్ చూపించి "అబద్ధం చెప్తున్నావ్" అంటే అక్కడితో ఆ తల్లి రావడం మానేస్తుంది. చెయ్యలేదు.

పాపకి ఇప్పుడు ఏడాదిన్నర. నడక, మాటలు వయసుకి తగ్గట్టే ఉన్నాయి, ముఖంలో ఆ మూడు గుర్తులూ లేవు. ముఖం మామూలుగా ఉన్నంత మాత్రాన ఆల్కహాల్ ప్రభావం లేదని కాదు, శ్రద్ధ నిలవకపోవడం, లెక్కలు ఎక్కకపోవడం లాంటివి బడికి వెళ్ళే వయసులో బయటపడతాయి, అప్పటికి చూసే డాక్టర్‌కి తల్లి ప్రెగ్నెన్సీలో ఏం జరిగిందో తెలీకపోతే బిడ్డ "అల్లరి పిల్ల" అయిపోతుంది తప్ప ఎవరూ ఆ వైపు ఆలోచించరు. అందుకే తల్లి ఒప్పుకున్నాక పాప ఫైల్‌లో ఇలా రాశాం: ఆల్కహాల్, 4వ, 5వ వారాల్లో ఒక్కోసారి సుమారు 60 గ్రాములు, 6వ వారం నుంచి లేదు. సిగరెట్లు 14వ వారం దాకా, ఆ తర్వాత 19వ వారం దాకా జాయింట్లలో పొగాకు. గంజాయి 19వ వారం దాకా రోజూ, తిరిగి పాపకి నాలుగైదు వారాల వయసులో నాలుగు రాత్రులు. నికోటిన్ ప్యాచ్, బిళ్ళలు ప్రెగ్నెన్సీలో, ప్యాచ్ పాలిచ్చేటప్పుడు కూడా. రెండేళ్ళకి, నాలుగేళ్ళకి, బడిలో చేరిన ఏడాదికి డెవలప్‌మెంట్ చెకప్.